తొమ్మిది మంది రాసిన ఐదు: బడి వదిలి వెళ్తున్న ఒక లెక్కల టీచరు కేస్ స్టడీ

ఈ ఏప్రిల్ ఆఖరుతో నేను బడి మానేస్తున్నాను. గుంటూరు బ్రాడీపేటలో పదిహేడేళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పాక, ఇక ఇంటి నుంచి ఆన్‌లైన్‌లోనే చెప్పబోతున్నాను. స్టాఫ్‌రూమ్‌లో వీడ్కోలు సభ పెడతామన్నారు, రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు పట్టుకుంటే నాకు ఏడుపొస్తుంది. అందుకే మాట్లాడే బదులు రాస్తున్నాను. నా స్థానంలో వచ్చే టీచరుకి, నాలాగే సాయంత్రాలు ఆన్‌లైన్‌లో చెప్పాలని చూస్తున్న ఇద్దరు ముగ్గురికి పనికొచ్చేలా, గొప్పలు కాకుండా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు దిద్దుకునే క్రమంలోనే ఈ నిర్ణయం తీసుకున్నాను.

ఆన్‌లైన్ నాకు కొత్త కాదు. 2020 మార్చిలో బళ్లు మూసినప్పుడు మనమందరం ఫోన్ పట్టుకుని గోడకి పాఠాలు చెప్పినవాళ్లమే. ఆ ఏడాదీ ఆ తర్వాతి ఏడాదీ పదో తరగతి పరీక్షలే జరగలేదు కాబట్టి మనం చెప్పింది పిల్లలకి ఎంత ఎక్కిందో తేలనే లేదు. తేలకపోవడం అప్పట్లో మన అదృష్టం. బళ్లు తెరిచాక నేను ఆన్‌లైన్ పూర్తిగా వదిలేశాను. రెండేళ్ల కిందట మాత్రం చుట్టాల పిల్లలు ముగ్గురితో సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాను. కిందటి ఆగస్టుకి వాళ్లు పద్నాలుగు మందయ్యారు. ఈ కేసు ఆ పద్నాలుగు మందిది.

మంగళవారం

వర్గ సమీకరణాల పాఠం నడుస్తోంది. మధ్యపదాన్ని విడదీసి కారణాంకాలు చేయడం అయిపోయింది. కొంచెం మెలిక ఉన్న లెక్క ఒకటి ఇచ్చాను.

(x − 2)(x − 3) = 6

ఎడమవైపు గుణించి విప్పితే x² − 5x + 6 = 6 వస్తుంది. రెండువైపులా 6 పోతే x² − 5x = 0, అంటే x(x − 5) = 0. మూలాలు 0, 5. మూడు నిమిషాలు టైమిచ్చి, జవాబు చాట్‌లో పెట్టమన్నాను.

తొమ్మిది మంది ‘5’ అని పెట్టారు. ముగ్గురు ‘0, 5’ అన్నారు. ఇద్దరు ‘8, 9’ అన్నారు.

8, 9 ఎక్కణ్నించి వచ్చాయో లెక్కలు చెప్పేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. కుడివైపు సున్న ఉన్నప్పుడు చేసినట్టే x − 2 = 6, x − 3 = 6 అని రాసేశారు. ఆ ఇద్దరికీ విడిగా చెబుదామనుకున్నాను. ఆ తొమ్మిది ఐదులు చూడగానే నాకు ఇంకేమీ తోచలేదు. x² = 5x దాకా వచ్చి, రెండువైపులా x కొట్టేసి, x = 5 అని రాసి సున్నని పోగొట్టుకున్నారని తీర్మానించేశాను. పదిహేడేళ్లుగా చూస్తున్న తప్పు కదా. మిగిలిన పాతిక నిమిషాలూ x తో ఎందుకు భాగించకూడదో చెప్పాను. x సున్న అయ్యే అవకాశం ఉన్నప్పుడు దాంతో భాగిస్తే సున్నతో భాగించినట్టే అవుతుందని, ఆ కొట్టేసిన x లోనే ఒక మూలం దాగి ఉందని. చక్కగా చెప్పాను. పిల్లలు తలలూపారు. జూమ్ ఉచిత మీటింగ్ నలభై నిమిషాలకి ఆగిపోతుంది కాబట్టి ఆ ఊపిన తలల దగ్గరే క్లాసు ఆగింది. ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను.

శనివారం

స్లిప్ టెస్టులో ఇదే రకం లెక్క ఇచ్చాను.

(x − 3)(x − 5) = 8

విప్పితే x² − 8x + 7 = 0. మూలాలు 1, 7. ఇందులో చివర 7 మిగులుతుంది కాబట్టి x కొట్టేయడం ఎవరి తరమూ కాదు. అయినా ఇద్దరు ‘7’ అని ఒకే జవాబు పెట్టారు. మరో ఇద్దరు ‘5, 9’ అన్నారు. నలుగురూ మంగళవారం ‘5’ పెట్టిన గుంపులో వాళ్లే.

ఆ ‘7’ నన్ను ఆదివారమంతా పట్టుకుని వదల్లేదు. x కొట్టకుండా ఒంటరి 7 ఎలా వస్తుంది? చివరికి రెండు రోజుల నోట్‌బుక్ పేజీలూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. నా పిచ్చి కాకపోతే మంగళవారమే అడగాల్సిన పని.

‘7’ రాసిన అమ్మాయి పేజీలో రెండే వరుసలున్నాయి. కుడివైపు 8 ఉంది కదా, 4 ఇంటు 2 ఎనిమిది. అందుకని x − 3 = 4 అంటే x = 7. x − 5 = 2 అంటే x = 7. రెండుచోట్లా ఏడే వచ్చింది. ‘5, 9’ రాసినవాళ్లు 8 ని తిరగేసి 2 ఇంటు 4 గా చీల్చారు. అంతే తేడా.

అప్పుడు మంగళవారం పేజీలు తీశాను. ఆ తొమ్మిది మందిలో నిజంగా x కొట్టేసినవాళ్లు నలుగురే. ఇంకో నలుగురు గుణించి విప్పనే లేదు. 6 ని 3 ఇంటు 2 గా చీల్చి, x − 2 = 3, x − 3 = 2 అని రాశారు. రెండిట్లోనూ x = 5! తొమ్మిదో పిల్లాడి పేజీలో ఏమీ లేదు. చాట్‌లో ఐదులు వరసగా పడుతుంటే వాడూ ఒకటి వేశాడు.

‘0, 5’ అన్న ముగ్గురిలోనూ ఒకడు అంకెలు ఒక్కొక్కటీ పెట్టి చూసి పట్టుకున్నాడు. అది తప్పని నేను అనను. కానీ వాడికి పద్ధతి వచ్చని మాత్రం నేను రాసుకున్నాను.

అంటే నా పాతిక నిమిషాల పాఠం నలుగురికి మందు, నలుగురికి వేరే రోగానికి ఇచ్చిన మందు. ఆ రెండో నలుగురి పేజీలో x² అన్నదే లేదు. దాన్ని కొట్టేయకూడదని నేను చెబుతుంటే ఏ x గురించి మాట్లాడుతున్నానో కూడా వాళ్లకి తెలిసి ఉండదు. మర్యాదకి తలలూపారు.

తప్పు లెక్కలోనే ఉంది

మొదట నేను చాట్‌ని తిట్టుకున్నాను. తర్వాత కూర్చుని చూస్తే సగం తప్పు నేను ఎంచుకున్న అంకెలది. (x − 2)(x − 3) లో రెండు కారణాంకాలకీ తేడా ఒకటి. 3, 2 లకీ తేడా ఒకటే. అందుకే 6 ని పెద్దది ముందు పెట్టి చీల్చినవాడికి రెండువైపులా ఒకే x వస్తుంది. అది నిజంగానే ఒక మూలం కూడా అవుతుంది. తప్పుదారిన వెళ్లినవాళ్లు కూడా సరైన ఇంటికే చేరే లెక్క ఇది. జవాబు మాత్రమే కనిపించేచోట ఇలాంటి లెక్క ఇవ్వకూడదు.

కాబట్టి ఒక్కో తప్పుకి ఒక్కో చిరునామా ఉండే లెక్క కావాలి. ఇది కట్టాను.

(x − 2)(x − 6) = 12

సరిగ్గా చేస్తే x² − 8x = 0, మూలాలు 0, 8. x కొట్టేస్తే 8 ఒక్కటే. 12 ని నేరుగా పెడితే 14, 18. పిల్లలు 12 అనగానే ఎక్కువగా 3 ఇంటు 4 అంటారు, అప్పుడు 5, 10. తిరగేసి 4 ఇంటు 3 అంటే 6, 9. ఒక్క 6 ఇంటు 2 గా చీల్చినవాడు మాత్రం మళ్లీ 8 దగ్గరికే వస్తాడు. ఎందుకంటే 6 కీ 2 కీ తేడా నాలుగు, మన కారణాంకాల తేడా కూడా నాలుగే. మూలాలు పూర్ణసంఖ్యలైనంత కాలం ఆ సందు పూర్తిగా మూయలేం. కానీ ఆ సందులోంచి వెళ్లేవాళ్లు తక్కువ.

ఇలాంటి లెక్క ఇచ్చినా చాట్‌లో అందరి జవాబులూ అందరికీ కనిపిస్తే లాభం లేదు. మెసేజ్ నాకు ఒక్కదానికే వచ్చేలా సెట్టింగ్ మార్చాను. ఆ తొమ్మిదో పిల్లాడు మొదటి వారం ఏమీ పంపలేదు. రెండో వారం ‘రాలేదు టీచర్’ అని పంపాడు. అది నాకు వాడు అంతకు ముందు పెట్టిన జవాబులన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

పెన్ను కనబడాలి

ఇక్కడ బడి గుర్తొచ్చింది. క్లాసులో నేను జవాబు అడిగి తెలుసుకునేదాన్ని కాదు. లెక్క బోర్డు మీద వేసి బెంచీల మధ్య నడుస్తాను. ఎవరి పెన్ను ఎక్కడ ఆగిందో చూస్తాను. రానివాడు నేను దగ్గరికొచ్చేసరికి ఎడమ చెయ్యి నోట్‌బుక్ మీద అడ్డం పెడతాడు. ఆ చెయ్యే నాకు సగం చెబుతుంది. ఆన్‌లైన్‌లో నాకు ముఖాలు కనిపించేవి, చేతులు కనిపించేవి కావు. అసలు నాకు ముఖాలతో పనేంటి?

అందుకని కెమెరా ముఖం మీద నుంచి నోట్‌బుక్ మీదకి దించాను. ఎలాగంటే, పాఠ్యపుస్తకాలు జానెడు పైన నాలుగు వేళ్ల ఎత్తు, సుమారు 30 సెంటీమీటర్లు, పేర్చాలి. ఫోన్ వెల్లకిలా పెట్టి, వెనక కెమెరా ఉన్న కొస పుస్తకాల అంచు దాటి బయటికి ఉండేలా జరపాలి. లోపలి కొస మీద బరువైన పుస్తకం ఒకటి. ఆ ఎత్తు నుంచి ఒక పేజీ పడుతుంది. స్క్రీన్ పైకే ఉంటుంది కాబట్టి పిల్లకి నా బోర్డూ కొంత కనిపిస్తుంది. మొదటి రోజే ఒకరి ఫోన్ లెక్క మధ్యలో ధబీమని నోట్‌బుక్ మీద పడింది. మాకందరికీ చీకటీ, దాని వెనక వాళ్లమ్మగారి కేకా వినిపించాయి. ఆ తర్వాత రబ్బరు బ్యాండు తప్పనిసరి చేశాను.

వెలుతురు రెండో చిక్కు. ట్యూబ్‌లైట్ వీపు వెనక ఉంటే తల నీడ సరిగ్గా రాసేచోటే పడుతుంది. లైటు ఎదురుగా, కుడిచేతివాళ్లకి కొంచెం ఎడమగా ఉండేలా కూర్చోమన్నాను. పెన్సిల్ కనబడదు, నీలం పెన్ను కనబడుతుంది. గంటసేపు వీడియో పెడితే రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో రాత్రికి ఇంకెవరికీ నెట్ మిగలదు. కాబట్టి లెక్క చేసే ఆరు నిమిషాలే కెమెరా.

పద్నాలుగు చిన్న గళ్లలో అక్షరాలు చదవగలనా అని నాకూ అనుమానం ఉండేది. చదవలేను. చదవక్కర్లేదని మొదటి రోజే తెలిసింది. లెక్క రాసుకున్నాక రెండో వరుస పొడుగ్గా సాగితే ఆ పిల్ల గుణించి విప్పుతోందన్నమాట. రెండు పొట్టి వరుసలు పక్కపక్కన పడితే చీల్చేసిందన్నమాట. ఈ తేడా అగ్గిపెట్టెంత గడిలో కూడా తెలుస్తుంది. (x − 2)(x − 6) = 12 ఇచ్చిన మొదటి నిమిషంలోనే ఐదు గళ్లలో పొట్టి వరుసలు పడ్డాయి. ఎవరినీ ఆపలేదు. ఆరు నిమిషాలూ అయ్యాక ఆ ఐదుగురినే పిలిచాను.

‘నీ జవాబు లెక్కలో పెట్టి చూడమ్మా’ అన్నాను ఒక అమ్మాయిని. 5, 10 రాసింది. 5 పెడితే 3 ఇంటు మైనస్ 1, అంటే మైనస్ 3. 10 పెడితే 8 ఇంటు 4, ముప్పై రెండు.

‘పన్నెండు రాలేదు టీచర్.’

‘మరి ఎక్కడ తేడా వచ్చింది?’

సమాధానం లేదు. అప్పుడు పాఠం ఆపి, గుణిస్తే 6 వచ్చే జతలు చెప్పమన్నాను, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. 2, 3 అయిపోయింది. 1, 6 అయిపోయింది. మైనస్ 2, మైనస్ 3 అని ఒకడు తెలివిగా అన్నాడు. అర, పన్నెండు అని ఇంకొకరు. 0.1, 60 దాకా వెళ్లారు. ఎంతమందిని అడిగినా కొత్త జత వస్తూనే ఉంది. ‘ఇప్పుడు గుణిస్తే సున్న రావాలి’ అన్నాను. 0, 5 అన్నారు. 0, 100. మైనస్ 7, 0. నాలుగైదు జతలయ్యాక, చాట్‌లో ‘రాలేదు’ అని పంపేవాడే మైక్ ఆన్ చేసి, ‘టీచర్, ఏది చెప్పినా సున్న రాక తప్పట్లేదు’ అన్నాడు.

అదే కదా నేను చెప్పాలనుకున్నది. లబ్ధం ఆరైతే ఆ రెండూ ఏమైనా కావచ్చు, లబ్ధం సున్నయితే మాత్రం ఒకటి సున్న కావాల్సిందే. అందుకే కుడివైపు సున్న చేసుకున్నాకే కారణాంకాల్ని విడదీయాలి. ఈ సంగతి నేను ఏటా ఒక వాక్యంగా బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఏటా దాన్ని కాపీ చేస్తారు.

మూడు వారాల తర్వాత ఇంకో లెక్కతో చూస్తే పద్నాలుగు మందిలో పన్నెండు మంది ముందు విప్పారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు మామూలు లెక్కల్లో బాగానే ఉన్నారు. దీర్ఘచతురస్రం వైశాల్యం ఇచ్చి పొడవు వెడల్పులు అడిగితే మాత్రం మళ్లీ చీలుస్తున్నారు. వైశాల్యం 12 అనగానే 3, 4 గుర్తుకు రావడం చిన్నప్పటి అలవాటు, దానికి నా దగ్గర ఇంకా మందు లేదు.

బడి నోట్‌బుక్కులు

ఇదయ్యాక నాకు ఒక గుబులు పట్టుకుంది. మన 10-బి నోట్‌బుక్కులు ఇంటికి తీసుకెళ్లి అదే లెక్క ఉన్న పేజీలు తిరగేశాను. యాభై రెండు పుస్తకాలు. జవాబు చివర 0, 5 ఉన్నచోట నేను టిక్కు పెట్టాను, 5 ఒక్కటే ఉన్నచోట ఎర్రపెన్నుతో సున్న చేర్చి ‘x ని కొట్టరాదు’ అని రాశాను. అలా రాసిన పేజీల్లో ఏడింటిలో x కొట్టిన వరుస లేనే లేదు. అక్కడా 3 ఇంటు 2 నే.

బెంచీల మధ్య నడుస్తూ అంతా చూస్తున్నాననుకున్నాను కదా. యాభై రెండు మందిలో నాకు కనబడేది దారి పక్కన కూర్చున్నవాళ్ల పుస్తకాలే. గోడవైపు మూలన కూర్చునేవాళ్ల పెన్ను ఎక్కడ ఆగిందో ఏ ఏడాదీ నేను చూడలేదు. ఒక పీరియడ్‌లో ఒక చుట్టు తిరిగేసరికే బెల్లు కొడతారు. తప్పు ఆన్‌లైన్‌దని మొదలుపెట్టి, చివరికి నా పదిహేడేళ్ల రౌండ్ల దగ్గరికి వచ్చాను. ఒకేసారి పద్నాలుగు పేజీలు కనిపించే చోట చెప్పాలనిపించింది. అంతకు మించి పెద్ద కారణం ఏమీ లేదు. గొంతు పోతోందని చెప్పాను మీకు, అదీ నిజమే.

ఇది పిల్లల సంఖ్య మహిమే కానీ ఆన్‌లైన్ మహిమ కాదని సోషల్ మాస్టారు అన్నారు. ఆయన మాట నిజం. పద్నాలుగు మందిని గదిలో కూర్చోబెడితే నాకు కెమెరాలతో పనే ఉండదు. కానీ పద్నాలుగు మందికి ఒక గది, ఒక టీచరు ఇచ్చే బడి నాకు ఈ ఊళ్లో దొరకలేదు. ఇరవై దాటితే గళ్లు మరీ చిన్నవైపోతాయి కాబట్టి పదహారు మంది దగ్గర ఆపేస్తాను. మూడు బ్యాచ్‌లు. మార్చిలో పరీక్షలు అయిపోగానే ఫీజులు ఆగిపోతాయి, జూన్ దాకా పూట గడవాలంటే ముందే దాచుకోవాలి. వెళ్దామనుకునేవాళ్లు ఆ మూడు నెలల లెక్క ముందు వేసుకోండి.

కెమెరాకి అందనివీ ఉన్నాయి. చిత్తుకాగితం మీద చేసి నోట్‌బుక్‌లో శుభ్రంగా ఎక్కించేవాళ్ల తప్పు కనబడదు. అక్క పక్కన కూర్చుని చెబుతోందేమో తెలియదు. జామెట్రీలో వృత్తలేఖిని ఎలా పట్టుకున్నారో పై నుంచి చూస్తే అర్థం కాదు. అన్నిటికంటే, ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది నాన్నతోపాటు మిర్చి యార్డుకి వెళ్లే పిల్లలు ఉన్నారు. సీజన్‌లో ఆ ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకి గాని ఇల్లు చేరదు. నా బ్యాచ్‌లో అలాంటి అమ్మాయి ఒకతి ఉంది. తను క్లాసులో ఉండదు, లెక్క చేసి రాత్రి ఫొటో పంపుతుంది, నేను పొద్దున దిద్ది పంపుతాను. దాన్ని పాఠం చెప్పడం అనలేను. మన 9-బిలో అలాంటి ఇళ్లవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్లని నేను మీకు వదిలి వెళ్తున్నాను, ఆ సంగతి తెలిసే వెళ్తున్నాను.

కొత్త టీచరుకి: అల్మారా పై అరలో ఎర్ర అట్ట పుస్తకం ఉంది. అందులో ఇలాంటి లెక్కలు, ఏ తప్పుకి ఏ జవాబు వస్తుందో పక్కన రాసి, ఒక పన్నెండు దాకా పెట్టాను. నిన్న 9-బికి పదో తరగతి పాఠం మొదలుపెట్టి, గుణిస్తే 6 వచ్చే జతల ఆట ఆడించాను. గోడవైపు మూడో బెంచీలో కూర్చునే అబ్బాయి దగ్గరికి ఈసారి నేనే ఇద్దర్ని లేపి వెళ్లాను. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ‘ఉంచు, తర్వాత చూపిద్దువు’ అన్నాను. బెల్లు కొట్టాక స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి నోట్‌బుక్ ఇచ్చాడు. అది అల్మారాలో ఎర్ర పుస్తకం కిందే ఉంది. దిద్దలేదు, చూసి మీరే వాడితో మాట్లాడండి.